అవ్వ మెట్లెక్కలేదు: తెలుగు ‘లేదు’లో దాగిన రెండు అర్థాలు

అలిపిరి దగ్గర నుంచి ఎవరో ఇంటికి ఫోన్ చేసి ‘అవ్వ మెట్లెక్కలేదు’ అన్నారనుకుందాం. విన్నవాళ్లకు ఏమర్థమవుతుంది? అవ్వ మనసు మార్చుకుని బస్సులో కొండకు వెళ్లిపోయిందనా, లేక మోకాళ్ల నొప్పులతో మూడున్నర వేల పైచిలుకు మెట్లు ఎక్కడం ఆమె వల్ల కాదనా? మాట ఒక్కటే. మొదటిది జరిగిపోయిన రోజు గురించి చెబుతుంది, రెండోది అవ్వ శక్తి గురించి చెబుతుంది.

అవ్వ స్థానంలో తాతను పెట్టి చూస్తే ఈ గందరగోళం మాయమైపోతుంది. ‘తాత మెట్లెక్కలేదు’ అంటే ఎక్కకుండా ఉండిపోయాడు. ‘తాత మెట్లెక్కలేడు’ అంటే ఎక్కే ఓపిక లేదు. నేను, నువ్వు, మేము, వాళ్లు, అవి, వీటిలో ఏది పెట్టినా రెండు అర్థాలకు రెండు మాటలున్నాయి: నేను ఎక్కలేదు, నేను ఎక్కలేను, వాళ్లు ఎక్కలేదు, వాళ్లు ఎక్కలేరు, బస్సులు ఎక్కలేదు, బస్సులు ఎక్కలేవు. అవ్వ, అక్క, ఆవు, బస్సు లాంటి చోట మాత్రమే రెండూ ఒకే రూపంలో కలిసిపోతాయి. ఏడు గడుల పట్టికలో ఒక్క గడి దగ్గరే ఇలా ఎందుకు జరిగిందో చూస్తే, తెలుగు ‘కాదు, లేదు’ అనడాన్ని ఎలా నిర్మించుకుందో చాలావరకు బయటపడుతుంది.

ముందు ఔననే వాక్యాన్ని చూద్దాం. ‘ఎక్కాను’లో రెండు సంగతులున్నాయి: పని గతంలో జరిగింది, చేసింది నేను. ‘ఎక్కుతాను’లోనూ అంతే, కాలం ఉంది, పురుష ఉంది. ఇప్పుడు దీన్ని కాదనాలి. ‘ఎక్కను’ అంటాం. ఇందులో ‘నేను’ ఉంది, చివరి ‘ను’ ఆ సంగతి చెబుతోంది. కాలం మాత్రం లేదు. ‘నేను మెట్లెక్కను’ అంటే రేపు ఎక్కబోననీ కావచ్చు, ఎప్పుడు కొండకు పోయినా బస్సులోనే పోతాననీ కావచ్చు. ఎక్కను, ఎక్కవు, ఎక్కడు, ఎక్కదు, ఎక్కం, ఎక్కరు, ఎక్కవు: ఏడుగురికీ ఏడు గడులు చక్కగా నిండి ఉన్నాయి, కాలాన్ని చూపే ముక్క మాత్రం ఎక్కడా కనపడదు. (పై వరుసలో ‘ఎక్కవు’ రెండుసార్లు రావడం అచ్చుతప్పు కాదు. నువ్వు, అవి అనే రెంటికీ ఈ వరుసలో ఒకే రూపం.)

ఇక గతాన్ని కాదనాలంటే ‘ఎక్కలేదు’. ఇక్కడ పరిస్థితి తిరగబడింది. కాలం తెలుస్తోంది, కానీ మనిషి పోయాడు. నేను ఎక్కలేదు, నువ్వు ఎక్కలేదు, వాళ్లు ఎక్కలేదు. ఎవరిని పెట్టినా ‘లేదు’ కదలదు. జరుగుతున్న పనికి కూడా ఇదే సంగతి: ఎక్కడం లేదు, లేదా ఎక్కట్లేదు. మొత్తం మీద, ఔనన్నప్పుడు గతం, వర్తమానం, భవిష్యత్తు కలిపి ఇరవై ఒక్క గడులున్న క్రియకు, కాదన్నప్పుడు తొమ్మిదే మిగులుతాయి. మన తెలుగు క్రియ ఔనంటే కాలమూ పురుషా రెండూ చెబుతుంది. కాదంటే రెంట్లో ఒకటే చెబుతుంది.

ఇది తెలుగు ఒక్కదానికే పట్టిన లోపం కాదు. ఫిన్లాండ్ భాషావేత్త మత్తి మియెస్తమో 297 భాషల్లో మామూలు నిషేధ వాక్యాలను పోల్చి చూశాడు. కాదనడానికి ఒక ముక్క చేర్చి, మిగతా వాక్యాన్ని ముట్టుకోకుండా వదిలేసే నిర్మాణాన్ని ఆయన సమమైనదన్నాడు. కాదనగానే క్రియ రూపమే మారిపోతే, లేదా ఔనన్నప్పుడు ఉన్న తేడాలు కాదన్నప్పుడు చెరిగిపోతే, దాన్ని అసమమైనదన్నాడు. ఎప్పుడూ సమంగానే ఉండే భాషలు 114, ఎప్పుడూ అసమంగానే ఉండేవి 53, రెండూ కలగలిసినవి 130. అంటే కాదన్నప్పుడు క్రియ రూపం మారడమో, ఏదో ఒక తేడా పోగొట్టుకోవడమో సగానికి పైగా భాషల్లో కనిపించే సంగతే. మియెస్తమో సొంత భాష ఫిన్నిష్‌లో అయితే కాదనే మాటే ఒక క్రియ. అది ఎన్, ఎత్, ఎయ్ అంటూ మనిషిని బట్టి మారుతుంది, అసలు క్రియ ఏ పురుషా లేకుండా దాని పక్కన నిలబడుతుంది. మన ‘ఎక్కలేదు’లో అసలు క్రియా మారదు, ‘లేదు’ కూడా మారదు. అది ఇంకో రకం పొదుపు.

కాలం లేని ‘ఎక్కను’ వరుస ద్రావిడ భాషల్లో చాలా పాతది. 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాసిన కాల్డ్వెల్‌ను ఇది ఆశ్చర్యపరిచింది. ప్రాచీన తమిళంలో ‘వారేన్’ అంటే రాను అని. అందులో ‘వార్’ ధాతువు, ‘ఏన్’ నేను అని చెప్పే ప్రత్యయం. కాదని చెప్పే ముక్క ఎక్కడుంది? పైకి చూస్తే ఎక్కడా లేదు. కాలం ప్రత్యయం ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది, ఆ ఖాళీయే ‘కాదు’ అంటోంది. ప్రపంచ భాషల్లో ఏమీ చేర్చకుండా కాదనడం చాలా అరుదు కాబట్టి ఈ రూపం మీద చర్చ ఇప్పటికీ సాగుతూనే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి లాంటి భాషావేత్తలు ఈ భాషలన్నిటికీ తల్లి అయిన మూలద్రావిడంలో అకారం లాంటి ఒక నిషేధ ప్రత్యయం ఉండేదనీ, అదే తర్వాత కొన్ని చోట్ల కరిగిపోయిందనీ పునర్నిర్మించారు. ఆ లెక్కన ‘ఎక్కను’లో ను ముందున్న అకారమే కాదనే ముక్క. తెలుగు వైపు నుంచి చూసేవాళ్లకు ఈ వాదన నమ్మకంగానే అనిపిస్తుంది.

ఖాళీ అనండి, అకారమనండి, ఫలితం మాత్రం ఒకటే. కాలం చెప్పే చోటు పోయింది. మరి ‘నిన్న ఎక్కలేదు’ అనాలంటే పాతవాళ్లు ఏం చేశారు? కావ్యభాషలో దీనికొక అందమైన ఉపాయం ఉండేది. కాలం లేని వ్యతిరేక క్రియకు ‘అయ్యె’ అని తగిలించేవాళ్లు: ఎక్కఁడయ్యె, ఎక్కదయ్యె. మనిషి మొదటి ముక్కలో, గతం రెండో ముక్కలో. శక్తి లేదనడానికి మరో క్రియ ఉండేది: ఎక్కనేరఁడు, ఎక్కనేరదు. అంటే ఆ భాషలో అవ్వ ఎక్కకపోతే ‘ఎక్కదయ్యె’, ఆమె వల్ల కాకపోతే ‘ఎక్కనేరదు’. అయోమయానికి తావే లేదు. ఈ రెండూ వాడుక భాషలో నిలవలేదు. ఆ రెండు ఖాళీ కుర్చీల్లోకీ వచ్చి కూర్చున్నది ఒకే ఒక్క క్రియ, ‘లే’.

ఈ ‘లే’ సంగతి కాస్త నిదానంగా చూడాలి. ఉండు అనే క్రియను కాదనడానికి మనం ‘లే’ వాడతాం: లేను, లేవు, లేడు, లేదు, లేం, లేరు, లేవు. దీనికి ఔననే రూపం సొంతంగా లేదు, అది ‘ఉన్నాను’ నుంచి అప్పు తెచ్చుకోవాలి. కాలం కూడా లేదు. ‘ఇప్పుడు ఇంట్లో లేను’ అన్నా ‘నిన్న ఇంట్లో లేను’ అన్నా అదే రూపం. రేపటి గురించి చెప్పాలంటే మాత్రం ‘ఉండను’ అనక తప్పదు. కొన్ని గడులే ఉండి, మిగతావి పక్క క్రియల నుంచి తెచ్చుకునే ఇలాంటివాటిని లోపక్రియలంటారు. ‘ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం’ అనే సామెతలో రెండుసార్లూ ‘లేదు’ ఈ అసలు పనే చేస్తోంది.

ఇదే ‘లే’ మరో క్రియ పక్కన చేరినప్పుడు రెండు దారులు పట్టింది. మొదటి దారిలో లేనిది పని. ‘ఎక్క లేదు’ అంటే ఎక్కడం అనేది లేదు, అది జరగలేదు. ఎక్కడం ఒక పని, మనిషి కాదు. కాబట్టి ‘అది’కి తగిన ‘లేదు’ ఒక్కటే ఎప్పటికీ సరిపోయింది. ఎక్కాల్సినవాడు నేనైనా నువ్వైనా ఆ ‘లేదు’కు పట్టదు. రెండో దారిలో లేనిది మనిషి. ‘ఎక్క లేను’ అంటే ఎక్కే స్థితిలో నేను లేను. కాబట్టి ‘లే’ మనిషిని బట్టి మారుతుంది: లేను, లేవు, లేడు, లేరు. ఇప్పుడు అవ్వ దగ్గరకు వస్తే చిక్కు ఎక్కడుందో తెలిసిపోతుంది. తెలుగులో ఏకవచనంలో ఆడవాళ్లకూ, వస్తువులకూ క్రియ చివర ఒకటే: ఆమె వచ్చింది, అది వచ్చింది. అవ్వకు తగిన ‘లేదు’, ఎక్కడం అనే పనికి తగిన ‘లేదు’ ఒకే మాట అయిపోయాయి. తాతకు ‘లేడు’ అని వేరే రూపం ఉండబట్టి ఆయన తప్పించుకున్నాడు. అవ్వను గౌరవంగా బహువచనంలోకి తీసుకెళ్లి ‘అమ్మగారు మెట్లెక్కలేరు’ అన్నా అయోమయం పోతుంది. మర్యాద ఇక్కడ వ్యాకరణానికి కూడా పనికొచ్చింది.

నిజంగా ఇవి రెండు వేర్వేరు నిర్మాణాలేనా, లేక ఒకే ‘ఎక్కలేదు’ సందర్భాన్ని బట్టి అర్థం మార్చుకుంటోందా అని ఎవరైనా అడగవచ్చు. తేల్చడానికి రెండు పరీక్షలు చాలు. మొదటిది, వాక్యాన్ని విశేషణంగా మార్చడం. ‘నిన్న మెట్లెక్కని అవ్వ’ అంటే ఎక్కకుండా ఉన్న అవ్వ. ‘మెట్లెక్కలేని అవ్వ’ అంటే శక్తి లేని అవ్వ, ఆ అర్థం తప్ప ఇంకోటి రాదు. గతాన్ని చెప్పే ‘లేదు’ వాక్యం చివర తప్ప ఇంకెక్కడా బతకదు. శక్తిని చెప్పే ‘లే’ మాత్రం ఎక్కలేని, ఎక్కలేక, ఎక్కలేకపోయింది అంటూ ఎక్కడికైనా వెళ్తుంది. ‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న సామెతలో ఉన్నది ఈ రెండో ‘లే’యే. ఆడకుండా ఊరుకున్నవాళ్ల గురించి కాదు ఆ సామెత, ఆడటం చేతగానివాళ్ల గురించి.

రెండో పరీక్ష పుస్తకాల్లో కాదు, తిరుపతి బస్టాండులో నిలబడితే వినిపిస్తుంది. చిత్తూరు, తిరుపతి వైపు మాటల్లో ‘రాలేదు’ అనేది ‘రాలా’ అనో, ‘రాలే’ అనో, రాయలసీమలో ఇంకాస్త లోపలికి పోతే ‘రాల్యా’ అనో కుదించుకుపోతుంది. ‘బస్సు ఇంకా రాలా’ అంటే రాలేదని అర్థం. ఇప్పుడు ‘అవ్వ మెట్లెక్కలా’ అని చూడండి. ఎక్కకుండా ఉండిపోయింది, అంతే. ఆమె వల్ల కాదు అనే అర్థం అందులోకి రానే రాదు. గతాన్ని చెప్పే ‘లేదు’ తన పురుషను ఏనాడో పోగొట్టుకుని ఒక గుర్తుగా మిగిలింది కాబట్టి అది అరిగి ‘లా’ అయింది. శక్తిని చెప్పే ‘లేదు’ ఇంకా బతికున్న క్రియ, దాని ‘దు’ అవ్వను సూచిస్తోంది, కాబట్టి అది అరగలేదు. పుస్తక భాషలో కలిసిపోయిన రెంటినీ ఇక్కడి నోళ్లు విడదీసి పెట్టుకున్నాయి. యాసను భాషకు పట్టిన తుప్పుగా చూసేవాళ్లు ఈ ఒక్క చోటైనా ఆగి ఆలోచించాలి.

ఇక్కడివాళ్లకు ఇంకో దారి కూడా ఉంది. శక్తి గురించి చెప్పాల్సి వస్తే ‘లే’ను పక్కన పెట్టి ‘అవ్వ చేత కాదు’ అంటారు, గతమైతే ‘ఎక్కేదానికి కాలేదు’ అంటారు. చిత్తూరు పక్కనే ఉన్న తమిళం కూడా ఈ రెండు పనులకు రెండు వేర్వేరు మాటలు పెట్టుకుంది. పాట్టి (అవ్వ) రాలేదనడానికి ‘వరల’, రాలేదు అంటే చేతకాదనడానికి ‘వర ముడియాదు’. తమిళంలో గతాన్ని కాదనే ‘ఇల్లై’ మన ‘లేదు’లాగే గడ్డకట్టింది, ఏ మనిషికైనా అదే. కాలం లేని పాత వరుస మాత్రం అక్కడ దాదాపు కూలిపోయింది. రాననే అర్థంలో ‘వారేన్’ అని ఇప్పుడెవరూ అనరు, ‘వరమాట్టేన్’ అంటారు. ఆ వరుసలో ఒక్క గడి మాత్రం నిలిచింది: ‘అదు వరాదు’, అది రాదు. కన్నడంలోనూ ఇదే కథ. గతానికి ‘బరలిల్ల’, మిగతా కాలాలకు ‘బరల్ల’. పాత వరుసలోంచి బతికినవాటిలో ‘బారదు’ ఒకటి, అదీ రాదు అనే అర్థంలో కాదు, చేయకూడదు అని చెప్పడానికి: ‘మాడబారదు’.

ఇది చదవగానే తెలుగువాళ్లకు ‘చేయరాదు’ గుర్తొస్తుంది. సరిగ్గా అదే నిర్మాణం. పొగ తాగరాదు, ఫోటోలు తీయరాదు అని గోడల మీద రాసే ‘రాదు’ మొదట వచ్చు అనే క్రియ వ్యతిరేక రూపమే. చెప్పులతో లోపలికి ‘రారాదు’ అని రాస్తే అందులో ఒకే ధాతువు రెండుసార్లు ఉంది, ఒకటి నడుచుకుంటూ వచ్చేది, ఇంకోటి వద్దనేది. కూడదు, వద్దు కూడా ఈ కోవలోవే. ‘వలదు’ నలిగి వద్దు అయింది. ‘నేను వద్దను, నువ్వు వద్దవు’ అంటూ దానికొక వరుస లేదు. పాత వరుస కూలిన చోటల్లా చివరిదాకా నిలిచింది ‘అది’ గడే కావడం యాదృచ్ఛికం కాదు. పనులను, సంగతులను గురించి చెప్పే గడి అది, ఎక్కువగా వాడేదీ అదే.

‘కాదు’ ఇప్పుడు మన కళ్ల ముందే ఆ దారిలో నడుస్తోంది. వ్యాకరణం ప్రకారం ‘నేను డాక్టర్ను కాను’, ‘మీరు పరాయివాళ్లు కారు’ అనాలి. మాటల్లో ‘నేను డాక్టర్‌ని కాదు’, ‘మీరు పరాయివాళ్లు కాదు’ అని చాలామంది అంటున్నారు, రాస్తున్నారు కూడా. కాను, కావు, కాడు, కారు ఒక్కొక్కటే వెనక్కి తగ్గి ‘కాదు’ అన్నిటికీ సరిపోతోంది. గతాన్ని చెప్పే ‘లేదు’ ఒకప్పుడు చేసిన ప్రయాణమే ఇది.

ఇప్పటిదాకా మాట్లాడింది క్రియ గురించి. కాదనే భారం క్రియ ఒక్కటే మోస్తుందా అన్నది ఇంకో ప్రశ్న. ‘ఎవరూ రాలేదు’ అన్నప్పుడు ఎవరూ అనే మాటలోనూ ఏదో శూన్యం వినిపిస్తుంది, చివర లేదు కూడా ఉంది. ఇంగ్లీషు బడిలో ‘నోబడీ’ తర్వాత మళ్లీ ‘నాట్’ పెట్టకూడదని కొట్టి మరీ నేర్పిస్తారు. అది లోకమంతటా ఉన్న నియమమేమో అనిపించేంతగా. కానీ భాషావేత్త మార్టిన్ హాస్పెల్మాత్ లెక్క వేసిన 206 భాషల్లో ‘ఎవరూ’ లాంటి మాట ఉన్నా సరే క్రియను కూడా కాదనాల్సిందేననే భాషలు 170. క్రియను కాదనకుండా వదిలేసేవి 11 మాత్రమే. రష్యన్‌లో ఎవరూ అనే మాట ఎక్కడున్నా క్రియకు ‘నే’ తగలాల్సిందే. ఇటాలియన్‌లో అది క్రియకు ముందొస్తే ‘నోన్’ అక్కర్లేదు, తర్వాతొస్తే కావాలి. ఇలా అటూ ఇటూ ఉండేవి 13. కాదనే మాటలు రెండు మూడు చేరినా అర్థంలో ఒక్క ‘కాదు’గానే లెక్కకు రావడాన్ని నిషేధ సంవాదం అనవచ్చు.

తెలుగు ఈ 170 వైపే ఉంది. కానీ మన ‘ఎవరూ’ ఇటాలియన్ ‘నెస్సునో’ లాంటిదా అంటే కాదనిపిస్తుంది. ‘ఎవరొచ్చారు?’ అని అడిగితే ఇటాలియన్‌లో ఆ ఒక్క మాట జవాబుగా చాలు. తెలుగులో ‘ఎవరూ’ అని ఆపేస్తే వాక్యం గాల్లో వేలాడుతుంది, ‘ఎవరూ రాలేదు’ అనాలి. ‘ఏమైంది?’ అంటే ‘ఏమీ లేదు’ అంటాం, ‘ఏమీ’ అని ఊరుకోం. మన మాటలో ఉన్న దీర్ఘం కాదనేది కాదు. అందరూ, ఇద్దరూ, అవ్వా తాతా అన్నప్పుడు అందర్నీ కలుపుకొచ్చే దీర్ఘమే అది. ఎవరిని తీసుకున్నా, ఒక్కరు కూడా అని దాని పని. కాదనేది క్రియ ఒక్కటే. అందుకే ‘ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు’ అని మూడు పెట్టినా అర్థం తిరగబడదు. అదే కాదనే క్రియలు రెండు కలిస్తే లెక్క మారిపోతుంది: ‘అనుమానం లేకపోలేదు’ అంటే ఉంది, ‘వెళ్లక తప్పదు’ అంటే వెళ్లాల్సిందే.

ఈ ‘ఎవరూ’ను అవ్వ వాక్యంలో పెడితే ఒక చిన్న తమాషా జరుగుతుంది. ఎవరూ బహువచనం కాబట్టి ‘ఎవరూ మెట్లెక్కలేదు’, ‘ఎవరూ మెట్లెక్కలేరు’ అని రెండూ విడివిడిగా నిలుస్తాయి. ‘ఏ బస్సూ’ మాత్రం ఏకవచనం. ఘాట్ రోడ్డు మూసేసిన వానరోజున ‘ఏ బస్సూ కొండెక్కలేదు’ అన్నారంటే ఈ పూట నడపలేదనుకోవాలా, దారి పాడై ఇక ఏ బస్సుకూ పైకి పోవడం కుదరదనుకోవాలా అన్నది మళ్లీ మొదటికొస్తుంది. పక్కన ‘పొద్దున్నుంచి’ అని ఉంటే గతం. ‘ఈ వానలో’ అని ఉంటే అప్పటికీ సందేహమే. పత్రికలు ఇలాంటి చోట ‘ఎక్కలేకపోయింది’ అనో ‘ఎక్కే పరిస్థితి లేదు’ అనో రాసి తప్పించుకుంటాయి. బస్టాండులో మాత్రం ‘ఒక్కటీ ఎక్కలా’ అంటే సరిపోతుంది.